పట్టికా, బులెట్లా, పేరానా: ఏ సమాచారానికి ఏ రూపం?

చాలామంది పేరా పొడవు చూసి రూపం మారుస్తారు. పేరా పెరిగిపోయిందనిపిస్తే బులెట్లుగా విడగొడతారు, అంకెలు ఎక్కువయ్యాయనిపిస్తే పట్టిక గీస్తారు. ఈ రెండు కొలతలూ దారి తప్పించేవే. ఒక్క అంకె కూడా లేని పట్టిక చక్కగా పనిచేయవచ్చు. పది అంకెలున్న పేరాను పట్టికలో పెడితే అసలు సంగతే మాయం కావచ్చు.

చూడవలసింది ప్రశ్నల తీరు. అనేక వస్తువులను వరుసగా అవే ప్రశ్నలు అడుగుతున్నామంటే అది పట్టిక. ఒక్కోదాని గురించి ఒక్కో వేరే సంగతి చెబుతున్నామంటే బులెట్లు. ఒక జవాబు మరో జవాబు మీద ఆనుకుని ఉంటే, అంటే కారణమో షరతో మినహాయింపో మధ్యలో ఉంటే, పేరా. సూత్రం ఇంతే. చిక్కల్లా సమాచారం ఎప్పుడూ ఈ మూడూ కలగలిసి చేతికి రావడంలోనే ఉంది. కాబట్టి ఒకే ఉదాహరణను పట్టుకుని మొదటినుంచి విడదీసి చూద్దాం. సూర్యుడికి దగ్గరగా ఉన్న నాలుగు గ్రహాలను తీసుకుంటున్నాను.

## 1. ముందు మామూలు వాక్యాల్లో రాయండి

రూపం గురించి ఆలోచించకుండా తెలిసింది తెలిసినట్టు రాసేయండి. అది ఇలా ఉంటుంది:

> సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండే బుధుడు 5.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, 88 రోజుల్లో సూర్యుణ్ని చుట్టివస్తాడు. శుక్రుడికి ఒక చుట్టుకు 225 రోజులు పడుతుంది, దూరం 10.8 కోట్ల కిలోమీటర్లు. వ్యాసం 12,104 కిలోమీటర్లు, అంటే దాదాపు భూమి అంత (భూమిది 12,756). భూమి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. కుజుడు 22.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటూ 687 రోజుల్లో చుట్టివస్తాడు, తన చుట్టూ తాను 24.6 గంటల్లో తిరుగుతాడు. శుక్రుడు మాత్రం తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు. బుధుడికి, శుక్రుడికి ఉపగ్రహాలు లేవు, భూమికి ఒకటి, కుజుడికి రెండు. శుక్రుడు బుధుడికంటే దూరంగా ఉన్నా ఎక్కువ వేడిగా ఉంటాడు, ఎందుకంటే దట్టమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణం వేడిని బయటికి పోనివ్వదు.

తప్పుల్లేని పేరా ఇది. చదువుతుంటే సాఫీగానే సాగుతుంది. అయితే ఇందులో బుధుడి వ్యాసం లేదు, కుజుడి వ్యాసమూ లేదు, బుధుడు తన చుట్టూ తాను ఎంతకాలంలో తిరుగుతాడో కూడా లేదు. మొదటిసారి చదివినప్పుడు ఆ లోటు మీ దృష్టికి వచ్చిందా? పేరాకు ఈ గుణం ఉంది. చెప్పనిదాన్ని అది కనబడనివ్వదు. వాక్యాలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తుంటే, రానిదాని కోసం ఎవరూ వెతకరు.

## 2. పేర్లు ఒక పక్క, ప్రశ్నలు పైన

ఒక కాగితం తీసుకుని ఎడమ అంచున వస్తువుల పేర్లు నిలువుగా రాయండి: బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు. తరువాత పేరాలోని ఒక్కొక్క సంగతినీ ఒక ప్రశ్నకు జవాబుగా మార్చి, ఆ ప్రశ్నను పైన రాయండి. సూర్యుడి నుంచి ఎంత దూరం? వ్యాసం ఎంత? సూర్యుణ్ని చుట్టడానికి ఎంతకాలం? తన చుట్టూ తాను తిరగడానికి ఎంతకాలం? ఉపగ్రహాలు ఎన్ని? ఈ అయిదు ప్రశ్నలనూ నాలుగు గ్రహాలకూ వేయవచ్చు. ఇంతవరకు పట్టిక లక్షణాలే.

పేరాలోని చివరి వాక్యం దగ్గర మాత్రం చేయి ఆగుతుంది. అది జవాబిచ్చే ప్రశ్న “దూరంగా ఉన్నా ఎందుకంత వేడి?” దీన్ని కుజుణ్ని అడగలేం, భూమిని అడగలేం. ఒకే వస్తువుకు వర్తించే ప్రశ్న ఇది. దాన్ని పక్కన పెట్టండి, పారేయవద్దు.

ఇక్కడే ఒక ఉచ్చు పొంచి ఉంటుంది. అలా మిగిలిన సంగతులన్నిటికీ చివరన “విశేషాలు” అనో “ఇతర వివరాలు” అనో ఒక నిలువు వరుస కేటాయించాలనిపిస్తుంది. నేను ఎవరి పట్టికనైనా సరిచూడవలసి వస్తే మొదట వెతికేది ఆ వరుస కోసమే. దానికి శీర్షిక ఉంటుంది కానీ ప్రశ్న ఉండదు. ఒక గడిలో చరిత్ర, ఇంకో గడిలో హెచ్చరిక, మూడో గడిలో ఖాళీ కనిపిస్తాయి. పట్టిక వేషం వేసుకున్న బులెట్ల జాబితా అది. శీర్షికను ఒక ప్రశ్నగా చదివి చూడండి. “విశేషాలు ఎంత?” అనేది ప్రశ్న కానే కాదు.

## 3. గళ్లు నింపండి, ఖాళీలు లెక్కపెట్టండి

| గ్రహం | సూర్యుడి నుంచి సగటు దూరం (కోట్ల కి.మీ.) | వ్యాసం (కి.మీ.) | సూర్యుణ్ని చుట్టే కాలం (భూమి రోజులు) | తన చుట్టూ తిరిగే కాలం (భూమి రోజులు) | ఉపగ్రహాలు |
|---|---:|---:|---:|---:|---:|
| బుధుడు | 5.8 | 4,879 | 88 | 58.6 | 0 |
| శుక్రుడు | 10.8 | 12,104 | 225 | 243.0 | 0 |
| భూమి | 15.0 | 12,756 | 365 | 1.0 | 1 |
| కుజుడు | 22.8 | 6,792 | 687 | 1.0 | 2 |

రెండు వ్యాసాలు, బుధుడి భ్రమణ కాలం లేవన్న లోటు వెంటనే బయటపడింది, వెతికి నింపాం. అంతకంటే పెద్ద లాభం శుక్రుడి వరుసలో ఉంది. అడ్డంగా చదవండి: 225, ఆ పక్కనే 243.0. సూర్యుణ్ని ఒకసారి చుట్టిరావడానికి పట్టేదానికంటే, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి శుక్రుడికి ఎక్కువకాలం పడుతుంది. పేరాలోనూ ఈ రెండు అంకెలూ ఉన్నాయి. కాకపోతే మధ్యలో భూమి, కుజుడు అడ్డం వచ్చాయి. ఎదురెదురుగా పెడితేనే తేలే సంగతి ఏదైనా మీ సమాచారంలో ఉంటే, అది పట్టిక కావాలని అడుగుతున్నట్టే.

కొలమానం విషయంలో కొంత వదులుకోక తప్పలేదు. పేరాలో కుజుడి భ్రమణం గంటల్లో ఉంది, శుక్రుడిది రోజుల్లో ఉంది. ఒకే నిలువు వరుసలో గంటలూ రోజులూ కలిపితే కన్ను అంకెను మాత్రమే చూసి 24.6 కంటే 243 దాదాపు పది రెట్లు అనుకుంటుంది. నిజానికి తేడా రెండు వందల రెట్లకు పైనే. అందుకని అన్నిటినీ రోజుల్లోకి మార్చాను. ఫలితంగా భూమి, కుజుడు రెండూ 1.0 అయిపోయి, వాటి మధ్య ఉన్న సుమారు 40 నిమిషాల తేడా కనబడకుండా పోయింది. మీ పాఠకుడికి ఆ తేడా ముఖ్యమైతే దాన్ని పట్టిక కింద ఒక వాక్యంలో చెప్పండి. అంతేగాని ఒక గడిలో మాత్రం కొలమానం మార్చవద్దు.

ఇక ఖాళీల సంగతి. మన పట్టికలో ఖాళీ లేదు, కానీ మీ పట్టికలో ఉండవచ్చు. ఖాళీ గడి మూడు రకాలుగా అర్థమవుతుంది: సున్నా, వర్తించదు, తెలియదు. పాఠకుడు వీటిలో ఏదో ఒకటి ఊహించుకుంటాడు, ఊహ తప్పవచ్చు. అందుకే సున్నా అయితే 0 అని, వర్తించకపోతే “వర్తించదు” అని, తెలియకపోతే “తెలియదు” అని రాయాలి.

తెలియని గడికి విలువ లేదనుకోకండి. 1869లో మెండలీవ్ మూలకాలను వాటి పరమాణు భారం, గుణాల ప్రకారం పేర్చినప్పుడు కొన్ని చోట్ల ఇమిడే మూలకం దొరకలేదు. ఆయన వరుసను దగ్గరికి జరిపి ఖాళీని పూడ్చలేదు, అక్కడ ఇంకా కనుక్కోని మూలకం ఉండాలన్నాడు. చుట్టుపక్కల గళ్లను బట్టి దాని గుణాలు కూడా ఊహించాడు. 1875లో గాలియం, 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం దొరికాయి. అడ్డంగా, నిలువుగా ఉన్న ప్రశ్నలు నిజంగా అందరికీ ఉమ్మడివైతే ఖాళీ కూడా ఒక జవాబే.

ఖాళీలు మితిమీరితే మాత్రం లోపం ప్రశ్నల్లో ఉంది. మూడింట ఒక వంతు గళ్లు “వర్తించదు” అయితే నేను పట్టిక ఆలోచన మానేస్తాను. అది శాస్త్రం చెప్పిన హద్దు కాదు, నా అలవాటు. అప్పటికి ఆ వస్తువులు ఒకే రకానివి కావని తేలిపోయి ఉంటుంది.

## 4. గడిలో ఎంత పడుతుందో చూడండి

ఈ పట్టికకు ఉష్ణోగ్రత వరుస కూడా చేర్చాలనిపించడం సహజం. చేర్చి చూద్దాం. శుక్రుడి ఉపరితలం సుమారు 465 డిగ్రీల సెల్సియస్, పగలైనా రాత్రైనా పెద్దగా మారదు. బుధుడి మీద పగలు సుమారు 430 డిగ్రీల దాకా వెళ్తుంది, రాత్రి మైనస్ 180కి పడిపోతుంది. ఒక గడిలో ఒకే అంకె, దాని పై గడిలో రెండు అంకెలూ ఒక వివరణా వచ్చాయి. బుధుడికి సగటు వేసి ఒకే అంకె రాస్తే వరుస అందంగా ఉంటుంది, కానీ ఆ గ్రహం మీద ఎక్కువసేపు ఉండని ఒక వేడిని దాని లక్షణంగా చూపినట్టవుతుంది.

గడిలోకి వాక్యం దూరుతున్నదంటే పట్టిక చేయలేని పనిని దానితో చేయిస్తున్నామని గుర్తు. “కాబట్టి”, “అయినా”, “తప్ప”, “ఎందుకంటే” వంటి మాటలు గడిలో కనబడ్డాయా చూడండి. గడికి పక్క గడితో ఉన్న సంబంధం స్థానం ద్వారానే తెలుస్తుంది. ఇది అదే వస్తువు, అది అదే ప్రశ్న అని చెప్పడం దాటి పట్టికకు ఇంకేమీ చెప్పడం రాదు. కారణం చెప్పాలంటే వాక్యమే కావాలి. అందుకే ఉష్ణోగ్రతను పట్టికలోంచి తీసేసి, రెండో అడుగులో పక్కన పెట్టిన వాక్యంతో కలిపి పేరాగా రాస్తాను:

> దూరాన్ని బట్టి చూస్తే బుధుడే అన్నిటికంటే వేడిగా ఉండాలి. కానీ అతడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు కాబట్టి పగటి వేడి రాత్రికి నిలవదు, 430 డిగ్రీల నుంచి మైనస్ 180కి దిగిపోతుంది. శుక్రుడి వాతావరణం మాత్రం దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. ఉపరితలం దగ్గర దాని ఒత్తిడి భూమి మీద ఉన్నదానికి 90 రెట్లు పైగా ఉంటుంది. అది వేడిని బంధించడంతో దాదాపు రెట్టింపు దూరంలో ఉన్నా శుక్రుడు రాత్రింబగళ్లు 465 డిగ్రీల దగ్గరే ఉంటాడు.

ఈ పేరాలో నాలుగు అంకెలున్నాయి. అయినా ఇది పట్టిక కాకూడదు. ప్రతి అంకె వెనుక ఒక “కానీ”, ఒక “కాబట్టి” ఉంది, వాటిని తీసేస్తే వివరణ మిగలదు.

## 5. మిగిలినవి బులెట్లకు

పట్టికలో ఇమడనివి, కారణాలు కానివి కొన్ని చిన్న సంగతులు మిగులుతాయి. మన ఉదాహరణలో అవి ఇవి:

- దూరాలన్నీ సగటులే, కక్ష్యలు పూర్తి వృత్తాలు కావు.
- భ్రమణ కాలం నక్షత్రాలను ఆధారంగా తీసుకుని లెక్కించినది.
- శుక్రుడు మిగిలిన మూడింటికి వ్యతిరేక దిశలో తన చుట్టూ తాను తిరుగుతాడు.
- కుజుడి భ్రమణం 24.6 గంటలు, భూమిది 23.9 గంటలు.

వీటిని తారుమారు చేసి చూడండి. నాలుగోదాన్ని మొదట పెట్టినా ఏమీ చెడదు. ఒకటి తీసేసినా మిగిలినవి నిలబడతాయి. బులెట్లకు పెట్టవలసిన పరీక్ష ఇదే. తారుమారు చేస్తే అర్థం చెడితే, అది క్రమమైతే 1, 2, 3 అని అంకెలు వేయండి, వాదమైతే పేరాకు తిరిగి వెళ్లండి.

బులెట్ల వెనుక దాగిన పట్టికను గుర్తించడం ఇంకా తేలిక. ప్రతి బులెట్ “ఫలానాది: ఇంత దూరం, ఇంత వ్యాసం, ఇన్ని రోజులు” అని ఒకే మూసలో సాగుతుంటే ప్రశ్నలు అప్పటికే ఉమ్మడిగా ఉన్నాయన్నమాట.

## బులెట్లు పోలికను మింగేస్తే

పైన అంతా గ్రహాల గురించి, పొరపాటు జరిగినా నష్టం లేదు. కొలంబియా అంతరిక్ష నౌక విషయంలో అలా కాదు. 2003 జనవరిలో నౌక బయలుదేరినప్పుడు బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, దెబ్బ ఎంత తీవ్రమో ఇంజనీర్లు అధికారులకు స్లైడ్లలో వివరించారు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలైంది, ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. తరువాత దర్యాప్తు సంఘం తన నివేదికలో ఆ స్లైడ్లలో ఒకదాన్ని ప్రత్యేకంగా విమర్శించింది. అది చదివిన ఉన్నతాధికారికి ప్రాణాపాయం గురించి మాట్లాడుతున్నారని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదన్నది.

ఆ స్లైడులో అంచెలంచెలుగా బులెట్లున్నాయి. శీర్షిక భరోసా ఇస్తున్నట్టు ఉంది. అట్టడుగున, చిన్న అక్షరాల్లో, తగిలిన ముక్క ఘనపరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ పరీక్షల్లో వాడింది 3 ఘనపు అంగుళాలనీ ఉంది. అంటే 640 రెట్లు. చేసిన పరీక్షలు ఈ దెబ్బ గురించి దాదాపు ఏమీ చెప్పలేవని తేల్చే అంకెలు అవే, అన్నిటికంటే కింది మెట్టు మీద ఉన్నాయి.

మరి అక్కడ పట్టిక ఉంటే సరిపోయేదా? నా అభిప్రాయంలో కాదు. రెండు వస్తువులు, ఒక ప్రశ్న, రెండు అంకెలు. ఇంత చిన్న పోలికకు గీతలు గీస్తే అదీ నలుగురిలో ఒకటిగా కలిసిపోతుంది. దానికి కావలసింది మొట్టమొదటి వాక్యం: “తగిలిన ముక్క, మనం పరీక్షించినదానికి 640 రెట్లు పెద్దది కాబట్టి పరీక్షా ఫలితాలు దీనికి వర్తిస్తాయని చెప్పలేం.” బులెట్లు ఆ “కాబట్టి”ని రాయకుండానే తప్పించుకునే వీలిచ్చాయి. కనీసం మూడు వస్తువులు, రెండు ప్రశ్నలు ఉంటేనే పట్టిక గురించి ఆలోచించమని నేను చెప్పేది అందుకే. అంతకంటే చిన్నదైతే వాక్యం గట్టిగా చెబుతుంది.

## 6. షరతులు రెండు వైపులా ఉంటే

ఇంకో రకం పట్టిక ఉంది. ఇందులో పేర్లు పక్కనా ఉంటాయి, పైనా ఉంటాయి. ఎర్రరక్తకణాలను ఏ గ్రూపు వారు ఏ గ్రూపు వారికి ఇవ్వవచ్చో చెప్పాలనుకోండి. ఓ గ్రూపు అందరికీ ఇవ్వవచ్చు, ఏబీ గ్రూపు అందరి నుంచీ తీసుకోవచ్చు కానీ తన గ్రూపుకే ఇవ్వగలదు, “ఏ” గ్రూపు తన గ్రూపుకూ ఏబీకీ... వాక్యం సగానికి వచ్చేసరికి ఇచ్చేదెవరో తీసుకునేదెవరో తడబడతాం. ఇక్కడ “అయితే”లు ఉన్నా అవి వాదం కాదు, రెండు షరతుల కలయికలు మాత్రమే. కలయికలను పట్టిక బాగా మోస్తుంది:

| ఇచ్చేవారు | ఓకి | ఏకి | బీకి | ఏబీకి |
|---|---|---|---|---|
| ఓ | అవును | అవును | అవును | అవును |
| ఏ | కాదు | అవును | కాదు | అవును |
| బీ | కాదు | కాదు | అవును | అవును |
| ఏబీ | కాదు | కాదు | కాదు | అవును |

ఇందులో ఆర్‌హెచ్ పాజిటివ్, నెగెటివ్‌ల సంగతి లేదని కింద ఒక వాక్యం తప్పక ఉండాలి. మూడో షరతును ఇదే గళ్లలోకి దూర్చాలని చూస్తే పదహారు గళ్లు అరవై నాలుగవుతాయి. రెండు వైపులు దాటిన షరతులకు రెండు పట్టికలు వేయడమే మేలు.

## 7. పట్టికే అని తేలాక

వస్తువులను అడ్డు వరుసలుగా, ప్రశ్నలను నిలువు వరుసలుగా ఉంచండి. అంకెలు ఒకదాని కింద ఒకటి వచ్చినప్పుడే ఏది పెద్దదో చూడగానే తెలుస్తుంది, దానికోసం వాటిని కుడివైపుకు సర్దాలి. కొలమానాన్ని ప్రతి గడిలో రాయకుండా శీర్షికలో ఒక్కసారి రాస్తే చాలు. అందరికీ ఒకే జవాబు వచ్చే వరుసను తీసేయండి. ఈ నాలుగు గ్రహాల్లో దేనికీ వలయాలు లేవు, ఆ సంగతికి ఒక వాక్యం సరిపోతుంది.

ఫోనులో పరీక్షించడం మరిచిపోవద్దు. మన ఆరు నిలువు వరుసల పట్టిక చిన్న తెరమీద పక్కకు జరిపితే తప్ప కనబడదు. జరిపేసరికి గ్రహం పేరు తెర దాటిపోతుంది, 243.0 ఎవరిదో తెలియదు. అక్షరాలు తగ్గించడం మందు కాదు. దూరం, వ్యాసం, ఉపగ్రహాలు ఒక పట్టికలో, రెండు కాలాలు మరో పట్టికలో పెట్టి, పేర్లను రెండింటిలోనూ రాయండి. ఎదురెదురుగా ఉండవలసిన 225, 243.0 విడిపోకుండా చూసుకోవాలి, అంతే.

వెబ్ పేజీ అయితే శీర్షిక గళ్లను శీర్షికలుగానే గుర్తించాలి. మామూలు గడిలో అక్షరాలు మందం చేసి వదిలేస్తే, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కు అది శీర్షికని తెలియదు. అంకెను చదువుతుంది కానీ అది ఏమిటో చెప్పదు.

```
<th scope="col">వ్యాసం (కి.మీ.)</th>
<th scope="row">శుక్రుడు</th>
```

చివరగా, ఆ విషయం తెలియని ఒకరికి పట్టిక ఇచ్చి ఒక ప్రశ్న అడగండి: “తన చుట్టూ తిరగడానికి పట్టే కాలం సూర్యుణ్ని చుట్టే కాలంకంటే ఎక్కువున్న గ్రహం ఏది?” వేలు ఎక్కడెక్కడికి వెళ్తుందో గమనించండి. రెండు నిలువు వరుసల మధ్య మూడో వరుసను దాటుకుంటూ పోతుంటే ఆ రెండింటినీ పక్కపక్కకు జరపండి. వేలు పట్టిక వదిలి పైనున్న పేరాలోకి వెళ్తే, జవాబుకు కావలసినదేదో ఇంకా అక్కడే ఉండిపోయిందన్నమాట.